గంప కదలకూడదు: ఒక బొమ్మకి పప్పెట్ పిన్‌లు గుచ్చిన మూడు వారాలు

జూన్ 2న మధ్యాహ్నం విశాఖపట్నం మద్దిలపాలెంలో ఆటో కోసం నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది. బీచ్ రోడ్డు వైపు కొత్తగా తెరుస్తున్న ఒక చేపల వంటల హోటల్ ఓనరు. వాళ్ళ మెనూ కార్డు కోసం జనవరిలో నేనొక బొమ్మ వేసిచ్చాను. ఫిషింగ్ హార్బర్ గట్టు మీద నెత్తిన చేపల గంపతో ఒకావిడ నిల్చుంటుంది. ఒక చెయ్యి గంపని పట్టుకుని ఉంటుంది, రెండోది పక్కకి వేలాడుతుంటుంది. కొంగు గాలికి లేచి ఉంటుంది. వెనక జెండా కట్టిన పడవ, దాని వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ.

"మేడమ్, అదే బొమ్మని టీవీలో పెడదామనుకుంటున్నాం. కొంచెం కదిలితే బాగుంటుంది. ఎక్కువొద్దు, ఊరికే కొంగు ఊగాలి, ఊపిరి తీసుకుంటున్నట్టుండాలి. 24కి ఓపెనింగ్."

43 అంగుళాల టీవీని నిలువుగా బిగిస్తారట. పన్నెండు వేలకి ఒప్పుకున్నాను, నాలుగు వేలు అడ్వాన్సు ఆ సాయంత్రమే వచ్చింది. బొమ్మలు వెయ్యడం నా పనే కానీ కదిలించడం ఎప్పుడూ చెయ్యలేదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పప్పెట్ పిన్ అని ఒకటుంటుందని, బొమ్మ మీద పిన్ గుచ్చి లాగితే ఆ చోటు రబ్బరులా కదులుతుందని మాత్రం తెలుసు. రెండు రోజుల పని అనుకున్నాను. 22 వరకూ పట్టింది.

మొదటి రోజు: కొండ కూడా ఊగింది

జూన్ 3న పొద్దున్నే బొమ్మని ఉన్నది ఉన్నట్టుగా లోపలికి తెచ్చాను. A3 సైజులో, నిలువు 4,961 పిక్సెల్‌లతో వేసిన ఫైలు అది. కొంగు చివర ఒక పిన్, భుజం మీద ఒక పిన్ గుచ్చి, కొంగు పిన్‌ని పట్టుకుని లాగాను. కొంగుతో పాటు సముద్రం కూడా వచ్చింది. సముద్రం మీది అడ్డగీత విల్లులా వంగింది, డాల్ఫిన్స్ నోస్ ఒక పక్కకి ఒరిగింది. దుప్పటి మీద బొమ్మ గీసి ఒక మూల పట్టి లాగితే ఎలా ఉంటుందో అలా.

కదలకూడని చోట్ల మరికొన్ని పిన్‌లు గుచ్చి ఆపుదామని చూశాను. సముద్రం మీద ఆరు, కొండ మీద నాలుగు, పడవ మీద మూడు. సాయంత్రానికి ఇరవై పైనే అయ్యాయి. అడ్డగీత ఇప్పుడు విల్లులా వంగడం మానేసి, పిన్‌కీ పిన్‌కీ మధ్య చిన్న చిన్న అలల్లా వంగుతోంది. పైగా ఫైలు అంత పెద్దది కావడంతో ఒక పిన్ జరిపితే చిత్రం మారడానికి రెండు మూడు సెకన్లు పడుతోంది.

రాత్రి గాజువాకలో ఉండే ఒక సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయన యానిమేషన్ పని చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించాను. చూసి నవ్వారు.

"దానికి కొంగేదో కొండేదో ఏం తెలుస్తుందమ్మా? దానికి తెలిసింది ఒక్కటే, బొమ్మ ఎక్కడ ఉంది, ఎక్కడ ఖాళీ అని. మెష్ ఆన్ చేసి చూడు."

పై బార్‌లో మెష్ చూపించే టిక్కు పెట్టాను. బొమ్మ మొత్తాన్ని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒకే త్రికోణాల వల కప్పేసి ఉంది. నేను ఒక ముడి లాగితే దాని పక్క ముళ్ళన్నీ కొంచెం కొంచెంగా వస్తున్నాయి. మొదటి పిన్ గుచ్చగానే ఆ లేయర్‌లో రంగు ఉన్న భాగం అంచు ఎక్కడుందో చూసి, అది ఆ అంచు లోపల వల అల్లేస్తుంది. మరి నా బొమ్మకి అంచంటే కాగితం అంచే. కదలాల్సిన ప్రతి ముక్కనీ విడి లేయర్‌గా కోసుకుంటే తప్ప పని అవ్వదు.

కొయ్యడం, వెనక నింపడం: అయిదు రోజులు

బొమ్మలు వేసేవాళ్ళు ఎవరైనా ఇలాంటి పనికి లెక్క చెప్పేముందు ఈ భాగం చదవాలి. నా మొత్తం పనిలో పెద్ద ముక్క ఇదే. పిన్‌లు గుచ్చడం కాదు.

జూన్ 4న ముందు సైజు తగ్గించాను. నిలువుగా పెట్టిన టీవీకి కావలసింది 1080 బై 1920. A3 బొమ్మ ఎత్తుని 1920కి తెస్తే వెడల్పు 1358 వస్తుంది, అంటే పక్కల్లో 278 పిక్సెల్‌లు పోవాలి. ఎడమ వైపున్న వలల కుప్ప పోయింది. నాకు బాగా ఇష్టమైన ముక్క అది. పోతే పోయింది.

తర్వాత ఫోటోషాప్‌లో ఒక్కొక్కటీ కొయ్యడం. ఒళ్ళు, గంప, గంప పట్టుకున్న చెయ్యి, వేలాడే చెయ్యి, కొంగు, జెండా, పడవ, వెనక దృశ్యం, చివరికి మొత్తం ఎనిమిది లేయర్‌లయ్యాయి. కొయ్యడం ఒకటిన్నర రోజులో అయింది. అసలు కష్టం కోసిన చోట మిగిలిన కంతలది. కొంగు పక్కకి జరిగితే దాని వెనక ఏముంది? జనవరిలో నేను గీయని నడుము ఉంది, గీయని రవిక చెయ్యి ఉంది, గీయని పడవ అంచు ఉంది. అవన్నీ ఇప్పుడు గియ్యాలి, అదే బ్రష్‌తో, అదే రంగు కలిసేలా. ఎంత మేర గియ్యాలో మొదట తెలియక కొంగు వెనక మొత్తం నింపడం మొదలుపెట్టాను. రెండో రోజుకి అర్థమైంది: కొంగు నలభై పిక్సెల్‌ల కంటే ఎక్కువ జరగదు కాబట్టి అంచు వెంబడి అరవై పిక్సెల్‌ల మేర గీస్తే చాలు. లోపలి భాగం ఎప్పటికీ బయటపడదు. ఇది ముందే తట్టి ఉంటే ఒక రోజు మిగిలేది.

అతుకుల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. కొంగు భుజం దగ్గర మొదలవుతుంది కదా అని సరిగ్గా అక్కడే కోశాను. కొంచెం కదిలించగానే భుజానికీ కొంగుకీ మధ్య సన్నటి సందు పడి, అందులోంచి సముద్రం కనిపించింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి, కొంగు మొదలుని భుజం కిందకి ఇంకో అంగుళం మేర పొడిగించి గీశాను. చేతుల మొదళ్ళని కూడా రవిక కిందకి అలాగే దూర్చాను.

జూన్ 8న కరెంటు పోయింది. సేవ్ చెయ్యని నలభై నిమిషాల పని పోయింది. ఆ రోజు ఇక సిస్టమ్ ముట్టుకోలేదు.

చెయ్యి లాగితే నడుము వచ్చింది

జూన్ 10న ఒంటికి పిన్‌లు గుచ్చాను. వేలాడే చేతిని ఎందుకు విడదీశానో కూడా చెప్పాలి. మొదట విడదియ్యలేదు. బొమ్మలో ఆ చేతికీ నడుముకీ మధ్య నాలుగైదు పిక్సెల్‌ల సందు ఉంది, కాబట్టి మెష్ రెంటినీ వేర్వేరుగా చూస్తుందనుకున్నాను. చెయ్యి పిన్ లాగితే నడుము కూడా జిగురు పూసినట్టు దాని వెనకే వచ్చింది. మెష్ అంచుని బొమ్మ అంచు కంటే కొంచెం బయటికి తోసే ఎక్స్‌పాన్షన్ అనే అంకె ఒకటుంది. నా దాంట్లో అది 3 ఉంది. చెయ్యి వైపు నుంచి మూడు, నడుము వైపు నుంచి మూడు, మొత్తం ఆరు. నాలుగు పిక్సెల్‌ల సందు మూసుకుపోయి రెండూ ఒకే వల అయిపోయాయి.

దాన్ని సున్నాకి తెస్తే సందు తెరుచుకుంది కానీ, ఒంటి అంచు పొడవునా మెత్తటి గీత తెగిపోయి, కత్తెరతో కోసిన కాగితంలా రంపపు పళ్ళు కనిపించాయి. ఎక్స్‌పాన్షన్ ఉన్నదే ఆ అంచుని కాపాడటానికి. అటు తగ్గించి ఇటు పెంచి గంటన్నర చూశాక, చేతిని విడి లేయర్‌గా కోసుకుని మళ్ళీ దాని వెనక నడుముని గీశాను. సందు చిన్నదైతే విడదియ్యడం తప్ప ఇంకో దారి లేదు.

ఒంటికి చివరికి ఆరు పిన్‌లు సరిపోయాయి. రెండు పాదాలకి ఒక్కోటి, నడుముకి ఒకటి, మెడకి ఒకటి, తలకి ఒకటి. ఇవన్నీ మామూలు పొజిషన్ పిన్‌లు. ఆరోది రొమ్ము కింద గుచ్చిన బెండ్ పిన్. దాన్ని పట్టి మనం జరపలేం, తన చుట్టూ ఉన్న భాగాన్ని ఉబ్బించడం, తిప్పడం మాత్రమే చేస్తుంది. ఊపిరికి అదే సరైనది. దాని స్కేలు 100 నుంచి 102కి వెళ్ళి మళ్ళీ 100కి వస్తే చాలు. మొదట 106 పెట్టాను, పరుగెత్తి వచ్చి ఆయాసపడుతున్నట్టుంది. 102 దగ్గర ఊపిరి కనిపించీ కనిపించనట్టుంది.

పిన్ గుచ్చేముందు టైమ్‌లైన్‌లో సున్నా దగ్గర ఉన్నామో లేదో చూసుకోండి. గుచ్చిన క్షణంలోనే అది ఆ చోట ఒక కీఫ్రేమ్ పెట్టేస్తుంది, అంటే ఈ సమయానికి పిన్ ఇక్కడ ఉండాలి అనే గుర్తు. నేను చూసుకోకుండా రెండో సెకను దగ్గర గుచ్చినవి మూడు పిన్‌లు. తర్వాత సున్నా దగ్గర ఏమీ ఎందుకు కదలడం లేదో తెలియక చాలాసేపు వెతికాను.

కొంగు

జూన్ 11 నుంచి 13 దాకా కొంగు ఒక్కటే. భుజం దగ్గర కదలని పిన్ ఒకటి, అక్కడి నుంచి చివర దాకా నాలుగు. నాలుగింటినీ ఒకేసారి కుడికీ ఎడమకీ జరిపితే అది గుడ్డలా లేదు, కారు అద్దం తుడిచే వైపర్‌లా ఉంది. నిజం గుడ్డలో కదలిక భుజం దగ్గర మొదలై చివరికి ఆలస్యంగా చేరుతుంది. అందుకని ఒక్కో పిన్ కీఫ్రేమ్‌లనీ ముందు పిన్ కంటే 6 ఫ్రేములు వెనక్కి జరిపాను. 24 ఫ్రేములకి ఒక సెకను కాబట్టి ఆరంటే పావు సెకను. ఎంత దూరం కదలాలన్నది కూడా పెంచుకుంటూ పోయాను: పైనున్న పిన్ 4 పిక్సెల్‌లు, తర్వాత 9, 16, చివరది 26. అప్పుడు గుడ్డయింది. ఆ రాత్రి పన్నెండున్నరకి అమ్మని నిద్ర లేపి మరీ చూపించాను. "బాగుంది, పడుకో" అంది.

తెల్లారి చూస్తే బాగాలేదు. చీర అంచు మీద నేను గీసిన రెండు జరీ గీతలు మలుపు దగ్గర గుండ్రంగా వంగకుండా కోణాలు కోణాలుగా విరుగుతున్నాయి. నీలం గుడ్డ మీద ఏమీ తెలియడం లేదు, గీతలున్న చోటే దొరికిపోతోంది. ఒక గీత రెండు త్రికోణాల మీదుగా పోతుంటే, ఆ రెండూ చెరో పక్కకి వంగినప్పుడు గీత వాటి మధ్య విరుగుతుంది. త్రికోణాల సాంద్రత పెంచితే విరుగుడు చిన్నదై కంటికి ఆనదు. అలాగని చివరిదాకా పెంచితే సిస్టమ్ నత్తలా నడుస్తుంది. గీతలు నున్నగా కనిపించే దాకా పెంచి అక్కడ ఆపాను. చీర గళ్ళదైతే నా పని ఇంకా పెరిగేది.

ఇంకో దెబ్బ కూడా కొంగు దగ్గరే తగిలింది. చివర కుచ్చులు పొట్టిగా ఉన్నాయని ఫోటోషాప్‌లో కొంచెం పొడవుగా గీసి, ఫైలు మళ్ళీ లోడ్ చేశాను. కుచ్చులు సగంలో స్కేలు పెట్టి కోసినట్టు తెగిపోయి కనిపించాయి. ఫైలు పాడైందేమో అని ఒకటే టెన్షన్. ఫోటోషాప్‌లో చూస్తే బాగానే ఉంది. సంగతేమిటంటే, మెష్ మొదటి పిన్ గుచ్చిన రోజు బొమ్మ అంచు చూసి అల్లింది. తర్వాత బొమ్మ పెరిగినా మెష్ పెరగదు, మెష్ బయట ఉన్నది చూపించదు. ఎఫెక్ట్ తీసేసి అయిదు పిన్‌లూ మళ్ళీ గుచ్చాల్సి వచ్చింది. పాత కీఫ్రేమ్‌ల అంకెలు అదృష్టం కొద్దీ నోట్‌బుక్‌లో రాసుకుని ఉన్నాను.

అతుకు దగ్గర తుళ్ళింత

బొమ్మ 6 సెకన్ల లూప్. అంటే 144 ఫ్రేములు. చివరికి వెళ్ళి మొదటికి వచ్చినప్పుడు అతుకు తెలియకూడదు. అందుకని అన్ని కదలికలూ 144ని సరిగ్గా భాగించేలా చూసుకున్నాను. ఊపిరి 72 ఫ్రేములు, కొంగు 48. కొంగు పిన్‌కి ఒక్క ఊపు మాత్రం కీఫ్రేమ్‌లు పెట్టి, మిగతాది లూప్‌అవుట్ అనే ఎక్స్‌ప్రెషన్‌కి, అంటే అదే ఊపుని మళ్ళీ మళ్ళీ తిప్పే చిన్న కోడ్‌కి వదిలేశాను.

జూన్ 14న చూస్తే ప్రతి ఆరు సెకన్లకీ కొంగు చివర ఒక్కసారి తుళ్ళుతోంది. మొదలు దగ్గర బాగుంది, చివరకి పోతున్నకొద్దీ తుళ్ళింత పెద్దదవుతోంది. అదే ఆచూకీ ఇచ్చింది. చివరి పిన్ కీఫ్రేమ్‌లని 18 ఫ్రేములు వెనక్కి జరిపాను కదా, అంటే లూప్ మొదలైన తొలి 18 ఫ్రేములూ అది కదలకుండా నిల్చుంటోంది. లూప్‌అవుట్ కీఫ్రేమ్‌ల తర్వాత మాత్రమే తిప్పుతుంది, ముందు తిప్పదు. ముందూ వెనకా రెండు వైపులా తిప్పాలంటే నాలుగు పిన్‌ల పొజిషన్‌కీ ఇది రాయాలి:

```
loopIn("cycle") + loopOut("cycle") - value
```

ఒక్క వరుస. దీని కోసం ఒక పూట పోయింది. దీనికి తోడు ఇంకో చిన్న జాగ్రత్త: మొదటి ఫ్రేములో ఉన్న భంగిమ, సున్నా నుంచి లెక్కిస్తే, మళ్ళీ 144వ ఫ్రేము మీద పడాలి, వీడియో మాత్రం 143తో ఆగాలి. లేకపోతే ఒకే భంగిమ రెండు ఫ్రేములు కనిపించి, అతుకు దగ్గర ఎక్కడో కాలు తట్టుకున్నట్టు ఉంటుంది.

గంప

ఇక తల. ఒళ్ళు ఊపిరి తీస్తుంటే తల కదలకుండా ఉంటే బొమ్మ బిగుసుకుపోయినట్టుందనిపించి, తల పిన్‌ని కుడికి 5, ఎడమకి 5 పిక్సెల్‌లు ఊపాను. అప్పుడు గంప కూడా తలతో పాటు రావాలి. గంప విడి లేయర్, దానికి పిన్‌లు లేవు. వెదురు గంప వంగకూడదు కాబట్టి పిన్‌లు ఉండకూడదు కూడా. లేయర్‌ని లేయర్‌కి కట్టొచ్చు కానీ ఒక పిన్‌కి నేరుగా కట్టలేం. గాజువాక సీనియర్ మళ్ళీ ఆదుకున్నారు. ఖాళీ నల్ లేయర్ ఒకటి పెట్టి, దాని పొజిషన్‌కి ఇది రాయమన్నారు:

```
b = thisComp.layer("Body");
b.toComp(b.effect("Puppet").arap.mesh("Mesh 1").deform("Head").position)
```

పిన్ పేరు "Head" అని ముందే మార్చుకోవాలి. నల్ లేయర్ తల పిన్ ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది, గంపనీ దాన్ని పట్టుకున్న చేతినీ ఆ నల్‌కి కట్టేస్తే అవీ వెళ్తాయి. రెండు గంటలు పట్టింది, పని చేసింది. నాకు ఈ పనంతటిలో బాగా గర్వంగా అనిపించింది ఆ సాయంత్రమే.

మర్నాడు జూన్ 15. సిస్టమ్ ప్రివ్యూ ఆడించలేక ఆగిపోతుంటే జగదాంబ జంక్షన్ దగ్గర ఒక షాపులో వాడిన ర్యామ్ కొని వేయించాను, 2,100 రూపాయలు. ఇది నేను చెప్పిన పన్నెండు వేల లెక్కలో లేదు.

జూన్ 16న తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్ళాను. పడవ మీద జెండా ఎలా కొట్టుకుంటుందో ఫోన్‌లో తీసుకుందామని. ఆరు గంటలకే అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. గట్టు మీద ఖాళీ గంప పక్కన పెట్టుకుని టీ తాగుతున్న ఒక పెద్దావిడ, "ఏటమ్మా తీస్తన్నావు?" అని అడిగింది. ఫోన్‌లో నా బొమ్మ ఉంది కదా, చూపించాను. రెండుసార్లు చూసింది.

"బాగుంది గానీ, ఇలగ తలకాయ ఊపితే గంప నెత్తి మీద ఉంటాదేటి?"

నేను ఏమీ అనలేకపోయాను. ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి లేచి, ఖాళీ గంపనే నెత్తిన పెట్టుకుని నిల్చుంది. "సూడు" అంది. తల, మెడ, గంప, ఈ మూడూ గుంజ పాతినట్టు ఉన్నాయి. బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి మారుస్తుంటే కదిలింది నడుము. నేను జనవరి నుంచి గీస్తున్న మనిషిని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

పక్కన కూర్చుని వల కుట్టుకుంటున్న ఆయన కూడా ఫోన్ ఇమ్మని చూశాడు. "జెండా అటు, కొంగు ఇటు. ఈవిడేటి, సుడిగాలిలో నిల్చుందా?"

ఆయన చెప్పింది నిజమే. పడవ మీద జెండా కుడికి ఎగురుతోంది, కొంగు ఎడమకి. అయిదు నెలలుగా మెనూ కార్డు మీద అలాగే ఉంది, ఓనరు కానీ నేను కానీ గమనించలేదు. బొమ్మ కదలనంత కాలం జెండా అంటే ఒక ఎర్ర ముక్క, అంతే. కదిలించగానే రెండు చోట్లా గాలి కనిపించింది, రెండు గాలులూ ఒకదానికొకటి ఎదురు వీచాయి.

విప్పి కట్టడం

ఇంటికొచ్చి జూన్ 17న తల పిన్ ఊపు తీసేశాను. ఒక్క కీఫ్రేమ్ మిగిల్చి మిగతావి చెరిపేస్తే ఆ పిన్ మేకులా నిలబడిపోతుంది. మెడ పిన్ కూడా అంతే. పాదాలు ఎలాగూ కదలవు. ఇక కదిలేది నడుము పిన్ ఒక్కటే: 72 ఫ్రేములలో పక్కకి 5 పిక్సెల్‌లు, కిందకి 2, మళ్ళీ వెనక్కి. పైన తల, కింద పాదాలు పట్టి ఉంచడం వల్ల మధ్యలో ఒళ్ళు దానంతటదే సన్నటి విల్లులా వంగింది, నేను మోకాలికీ మరో చోటికీ పిన్‌లు గుచ్చాల్సిన అవసరం రాలేదు. మొన్నటి దాకా బొమ్మ నీళ్ళలో తేలుతున్నట్టుండేది. ఇప్పుడు నేల మీద నిల్చుంది, నెత్తిన బరువుంది.

గంప కట్టడానికి రాసిన ఎక్స్‌ప్రెషన్ అవసరమే లేకుండా పోయింది. తలే కదలనప్పుడు గంప ఎందుకు కదులుతుంది? రెండు గంటల పని, ఎంతో గర్వపడిన పని, డిలీట్ నొక్కితే పోయింది. ఇక్కడ మాత్రం కాసేపు కూర్చుండిపోయాను.

జెండా సంగతి మాత్రం భయపడినంత లేదు. అప్పటికే దానికి మూడు పిన్‌లు గుచ్చి ఊపు పెట్టి ఉన్నాను, మళ్ళీ అంతా చెయ్యాలనుకున్నాను. కానీ పప్పెట్ అనేది ఎఫెక్ట్, లేయర్‌ని జరపడం, తిప్పడం లాంటివి దాని తర్వాత జరుగుతాయి. కాబట్టి లేయర్ ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో ఆ యాంకర్‌ని జెండా కర్ర మీదకి తెచ్చి, అడ్డం స్కేలుని మైనస్ 100 చేస్తే, అద్దంలో చూసినట్టు ఊపుతో సహా జెండా అటు తిరిగింది. అర నిమిషం. జెండా మీద అక్షరాలు లేవు కాబట్టి సరిపోయింది.

హోటల్లో

జూన్ 19న ఓనరుకి చూపించాను. ఆయన మొత్తం మూడుసార్లు చూసి, "ఇంకా కొంచెం ఎక్కువ కదలాలేమో మేడమ్" అన్నారు. కొంగు చివరి పిన్‌ని 26 నుంచి 40కి పెంచి అక్కడే లాప్‌టాప్‌లో చూపించాను. జరీ అంచు సాగిపోయి బబుల్ గమ్‌లా అయింది. "వద్దు వద్దు, ముందుదే బాగుంది" అన్నారు. ఇలాంటి బొమ్మకి హద్దు ఎక్కడుందో మాటల్లో చెప్పడం కంటే ఒకసారి దాటి చూపించడమే తేలిక.

జూన్ 22న టీవీ బిగించారు. పక్కకి తిప్పి రెండర్ చేసిన ఆరు సెకన్ల ఫైలుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, రిపీట్ నొక్కాను. ప్రతి ఆరు సెకన్లకీ స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడుతోంది. నేను పూటంతా కూర్చుని అతుకు కనపడకుండా చేసిన లూప్! ఫైలు అయిపోయి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఆ టీవీ ప్లేయర్ ఆ మాత్రం గ్యాప్ తీసుకుంటుంది, దాన్ని మార్చే సెట్టింగ్ ఎక్కడా దొరకలేదు. దొరికిన దారి ఏమిటంటే, ffmpeg అనే వీడియో టూల్‌తో ఆరు సెకన్ల ఫైలునే ఆరు వందల సార్లు అతికించి గంట ఫైలు చెయ్యడం:

```
ffmpeg -stream_loop 599 -i loop.mp4 -c copy hour.mp4
```

మొదటిసారి ఆడేది కాక ఇంకో 599 సార్లు అని దానర్థం. మళ్ళీ రెండర్ అవ్వదు కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. ఇప్పుడు గంటకోసారి మాత్రం ఒక్క క్షణం నల్లబడుతుంది.

మిగతా ఎనిమిది వేలు జూలై 13న వచ్చాయి, రెండుసార్లు గుర్తు చేశాక. ర్యామ్ పోగా చేతికి మిగిలింది 9,900. ఈసారి ఎవరైనా ఉన్న బొమ్మని కదిలించమంటే, కోసి వెనక గియ్యడానికి ఒక లెక్క, కదిలించడానికి ఒక లెక్క విడివిడిగా చెబుతాను. బొమ్మ కొత్తగా వేస్తుంటే మాత్రం మొదటి నుంచే లేయర్‌లుగా వేసుకుంటున్నాను, కొంగు వెనక నడుము కూడా గీసి పెడుతున్నాను.

మొన్న హోటల్ వైపు వెళ్తే ఓనరు కౌంటర్ దగ్గరే ఆపారు. "మేడమ్, అందరూ బాగుందంటున్నారు. ఆ వెనక పడవ కూడా కొంచెం ఊగితే?"

పడవ కింద నీళ్ళు నేను గియ్యలేదు. అది వేరే లెక్క అని చెప్పి వచ్చాను.